ఆంధ్ర రాష్ట్ర అవతరణ పాఠం: తేదీల పట్టిక వేసిన నా అనుభవం

గ్రూప్-2కి చదువుతున్న రోజుల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన పాఠం ఆంధ్ర రాష్ట్ర అవతరణ. విషయం కష్టమైనది కాదు, చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ నా దగ్గరున్న గైడులో ఆ పాఠం కాలక్రమంలో లేదు. మొదట పొట్టి శ్రీరాములు గారి దీక్ష, తర్వాత కమిటీలు, ఆ తర్వాత 'రాయలసీమ సందేహాలు' అనే శీర్షిక కింద శ్రీబాగ్ ఒడంబడిక, చివర్లో బళ్ళారి. అంటే 1952లో మొదలై 1948కి వెళ్ళి, 1937కి దిగి, మళ్ళీ 1953కి వస్తుంది. మూడుసార్లు చదివినా ఏది ముందో ఏది వెనకో తలలో నిలవలేదు. మాక్ టెస్టులో 'వీటిని కాలక్రమంలో అమర్చండి' అన్న ప్రశ్న తప్పు చేశాక, ఆ పాఠంలోని తేదీలన్నీ తీసి ఒకే పట్టిక వేద్దామని కూర్చున్నాను.

ఒక సాయంత్రం పని అనుకున్నాను. పదకొండు రోజులు పట్టింది. ఎందుకంటే, పట్టికను నేను రోజూ వెళ్ళే గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్‌కి చూపిస్తే, ఆయన కళ్ళజోడు సవరించుకుని మొదటి వరుస మీద వేలు పెట్టి, "ఇది ఎవరు చెప్పారమ్మా?" అని అడిగారు. "గైడులో ఉంది మాస్టారూ" అన్నాను. "గైడుకి ఎవరు చెప్పారు?" అన్నారు. అలా పట్టికకి ఇంకో గడి చేరింది, ఆధారం.

మొదటి పని పాఠంలోంచి తేదీలు ఏరడం. పెన్సిలుతో అంకెలున్న చోటల్లా గుండ్రాలు చుట్టాను. ముప్పై నాలుగు వచ్చాయి. మాస్టారు చెప్పాక రెండోసారి చదివితే, అంకెలు లేని తేదీలు తొమ్మిది కనిపించాయి. 'ఆయన మరణించిన నాలుగో రోజున', 'మరుసటి ఏడాది', 'ఆ డిసెంబరులోనే' లాంటివి. వీటితోనే ప్రమాదం. 'నాలుగో రోజున' అంటే, నేను తర్వాత సరిచూసుకున్న మరణ తేదీ డిసెంబరు 15 నుంచి లెక్కేస్తే 19, అది సరిపోయింది. కానీ ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం విషయంలో ఓడిపోయిందని ఒక వాక్యం, 'మరుసటి ఏడాది ఎన్నికలు జరిగాయి' అని దాని వెనకే ఇంకో వాక్యం ఉన్నాయి. ఆ పేరాలో కనిపించే ఏకైక తేదీ 1953 అక్టోబరు 1. నేను దానికి ఒక ఏడాది కలిపి ఎన్నికలు 1954 అని రాసుకున్నాను. నిజానికి ప్రభుత్వం పడిపోయింది 1954 నవంబరులో, ఎన్నికలు జరిగింది 1955 ఫిబ్రవరిలో. 'మరుసటి' అన్న మాటని ప్రభుత్వం పడిపోయిన ఏడాది నుంచి లెక్కపెట్టాలి, కానీ ఆ ఏడాది పేరాలో లేదు. అప్పటి నుంచి ఇలాంటి మాట దొరికితే పాఠంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు పక్క గడిలో రాసి, దేని నుంచి లెక్కపెట్టానో కూడా రాయడం మొదలుపెట్టాను. తర్వాత తప్పు తేలితే ఎక్కడ పొరపడ్డానో వెంటనే తెలుస్తుంది.

రెండో ఇబ్బంది కంప్యూటర్‌లో వచ్చింది. తేదీలన్నీ మనం మామూలుగా రాసేట్టే 1-10-1953, 7-2-1953 అని షీట్‌లో కొట్టి, క్రమంలో పెట్టమన్నాను. వచ్చిన పట్టిక చూసి కంగారు పడ్డాను. ఆంధ్ర రాష్ట్రం ఎలా ఏర్పడాలో చెప్పిన జస్టిస్ వాంఛూ నివేదిక, రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చినట్టు చూపిస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఎక్కడో కింద శ్రీరాములు గారి దీక్ష మొదలవుతోంది! మొదట నేనే తేదీలు తప్పు కొట్టాననుకుని ముప్పై వరుసలు మళ్ళీ సరిచూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అసలు విషయం ఏమిటంటే ఆ షీట్ అమెరికా పద్ధతిలో ఉంది. వాళ్ళు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. అందువల్ల 1-10-1953ని అది జనవరి 10గా చదివింది. వాంఛూ నివేదిక తేదీ 7-2-1953ని జూలై 2గా చదివింది. అంటే రాష్ట్రం ముందు పుట్టి నివేదిక తర్వాత వచ్చినట్టయింది. ఇక 15-12-1952 లాంటివి చూడండి, పదిహేనో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోకుండా మామూలు అక్షరాల కింద వదిలేసి పట్టిక అడుగున పడేసింది. ఇందులో భయపెట్టే సంగతి ఒకటుంది. రోజు అంకె 12 దాటితే తప్పు బయటపడుతుంది, 12 లోపు ఉంటే తేదీ చక్కగా కనిపిస్తూనే తప్పుగా ఉంటుంది. గుర్తుపట్టే పద్ధతి తేలిక. గడుల్లో అమరిక మనం మార్చకపోతే, షీట్ తేదీగా తీసుకున్నవి కుడి అంచుకి, అక్షరాలుగా వదిలేసినవి ఎడమ అంచుకి జరిగి ఉంటాయి. ఒకే నిలువు వరుసలో రెండు రకాలూ కనిపిస్తే ఈ తేడా వచ్చిందన్నమాట.

నేను చేసిన మార్పు ఇది. ముందుగా ఒక గడి వరుసని అక్షరాల రూపంలోకి మార్చి, అందులో ఏడాది, నెల, రోజు ఈ వరుసలో, నెలకీ రోజుకీ తప్పనిసరిగా రెండేసి అంకెలతో కొట్టాను. రోజు తెలియకపోతే ఆ చోట సున్నాలు పెట్టాను.

```
1913-00-00
1937-11-16
1949-04-00
1953-10-01
```

ఇలా రాస్తే షీట్ వీటిని తేదీలుగా చదవాల్సిన అవసరమే లేదు, అక్షరక్రమంలో పెట్టినా కాలక్రమం వచ్చేస్తుంది. 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకి నేను ఏడాది మాత్రమే రాశాను, అది ఆ ఏడాది వరుసలన్నిటికీ ముందు నిలబడుతుంది. తెలియని రోజుకి 1వ తేదీ వేసేయడం చాలామంది చేసే పని, నేనూ మొదట చేశాను. దాని వల్ల వచ్చే నష్టం ఏమిటంటే, నెల తర్వాత మనమే ఆ 1వ తేదీని నిజమనుకుని బట్టీ పడతాం. సున్నా ఉంటే 'ఇక్కడ రోజు తెలియదు' అని ఎప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. ఈ గడి క్రమం కోసమే. చదువుకోవడానికి పక్కన '1937 నవంబరు 16' అని మామూలుగా రాసుకున్నాను.

తర్వాత అసలు పని, ఆధారాలు. ఇక్కడ దీక్ష వరుస గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పద్ధతంతా నాకు దాని దగ్గరే అర్థమైంది. శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టారు. నా గైడులో మరణం డిసెంబరు 16 అనీ, దీక్ష 56 రోజులనీ ఉంది. స్నేహితురాలి గైడులోనూ అదే. రెండు పుస్తకాల్లో ఉంది కాబట్టి ఖాయమనుకున్నాను. మాస్టారు ఆ రెండు పేరాలనీ పక్కపక్కన పెట్టి చదవమన్నారు. వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా ఒకటే, ఒక పేరులోని అచ్చుతప్పుతో సహా. "ఇవి రెండు కాదమ్మా, ఒకటే. ఒకరిని చూసి ఇంకొకరు రాసుకున్నారు" అన్నారు. అచ్చుతప్పు కూడా కలిసిందంటే అది రెండో ఆధారం కాదన్నది ఆ రోజు నేర్చుకున్నాను.

సరే, లెక్క వేసి చూద్దామని షీట్‌లో ఇది కొట్టాను.

```
=DATE(1952,12,15)-DATE(1952,10,19)+1
```

58 వచ్చింది. చివర ఒకటి ఎందుకు కలపాలంటే, తీసివేతలో మొదటి రోజు లెక్కలోకి రాదు. దీక్ష మొదలుపెట్టిన రోజు కూడా దీక్షలో భాగమే కదా. చేత్తో వేసినా అంతే: అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15. డిసెంబరు 16 పెడితే 59 వస్తుంది. అంటే గైడులో ఉన్న రెండు అంకెలూ ఒకదానితో ఒకటి పొసగవు. 16వ తేదీ నిజమైతే 56 రోజులు కాదు, 56 రోజులు నిజమైతే 16వ తేదీ కాదు. బయటి ఆధారం ఏదీ చూడకముందే, పాఠం తనంతట తానే తప్పని తేలిపోయింది. చాలా చోట్ల చెప్పే 58 రోజులన్న మాట అక్టోబరు 19, డిసెంబరు 15 జతకే సరిపోతుంది.

మరి 16 ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? ఆయన ప్రాణం పోయింది 15వ తేదీ రాత్రి పదకొండు దాటాక. అంత రాత్రి జరిగింది జనానికి తెలిసేసరికి తెల్లవారింది. ఊరేగింపు, ఆంధ్ర జిల్లాల్లో అల్లర్లు అన్నీ ఆ తర్వాతివే. దినపత్రిక మీద తేదీ అది అచ్చయిన రోజుది, లోపలి వార్త అంతకు ముందు రోజుది. పత్రికని ఆధారంగా రాసేటప్పుడు ఈ రెండింటినీ కలపకూడదు. అందుకే నా పట్టికలో పత్రిక ఆధారమైన చోటల్లా పత్రిక తేదీని ఆధారం గడిలో, సంఘటన తేదీని సంఘటన గడిలో వేరుగా రాశాను. ఈ వరుసకి మాస్టారి దగ్గరున్న పాత పత్రిక జిరాక్సు నాకు ఆధారమైంది. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది, రెండు చేతులతో పట్టుకుని చదివాను. పరీక్ష సంగతి కాసేపు గుర్తు రాలేదు.

చట్టాల దగ్గర పని తేలికవుతుందనుకున్నాను. ఆంధ్ర రాష్ట్ర చట్టం, 1953 పూర్తి పాఠం పీడీఎఫ్‌గా దొరుకుతుంది. అది ఆ ఏడాది 30వ చట్టం, తేదీ 1953 సెప్టెంబరు 14. నా పట్టికలో అప్పటికి 'ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు' అనే మాట నాలుగు తేదీల ముందు ఉంది: 1952 డిసెంబరు 19, 1953 మార్చి 25, సెప్టెంబరు 14, అక్టోబరు 1. నాలుగూ నిజమే. తప్పంతా 'ఏర్పాటు' అన్న మాటలోనే ఉంది. మొదటిది నెహ్రూ గారు రాష్ట్రం ఇస్తామని సభలో ప్రకటించిన రోజు. రెండోది అక్టోబరు 1 నాటికి ఇస్తామనీ, ఏ ప్రాంతాలు వస్తాయనీ చెప్పిన రోజు. మూడోది చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజు. నాలుగోది చట్టం రెండో సెక్షన్‌లో 'నిర్ణీత దినం' అని చెప్పిన రోజు, అంటే రాష్ట్రం నిజంగా మొదలైన రోజు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి వరుసలో ఒకే ఒక్క క్రియ ఉండాలి: ప్రకటించారు, నియమించారు, సమర్పించారు, ప్రచురించారు, ఆమోదించారు, అమల్లోకి వచ్చింది. 'ఏర్పాటు', 'ఒప్పుకోలు' లాంటి మాటలు పట్టికలోకి రాకూడదు.

ఈ నియమంతో మిగతా చిక్కులు చాలా వరకు విడిపోయాయి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదికకి ఒక పుస్తకంలో సెప్టెంబరు, ఇంకో పుస్తకంలో అక్టోబరు ఉంటే ఏది తప్పో అని టెన్షన్ పడ్డాను. రెండూ తప్పు కాదు. 1955 సెప్టెంబరు 30న సమర్పించారు, అక్టోబరు 10న ప్రచురించారు. ఆ సంఘాన్ని వేస్తున్నామని సభలో చెప్పింది 1953 డిసెంబరు 22, వేస్తూ తీర్మానం వచ్చింది అదే నెల 29.

సభ గురించి ఒక చిన్న మాట. నెహ్రూ గారి 1952 ప్రకటనకి పార్లమెంటు చర్చల రికార్డు వెతుకుతూ 'లోక్‌సభ' అని చూస్తే నాకు దొరకలేదు. ఆ సభకి అప్పటికి ఆ పేరు లేదు, హౌస్ ఆఫ్ ది పీపుల్ అనేవారు. లోక్‌సభ అన్న పేరు 1954 మే 14న వచ్చింది. పాఠంలో లోక్‌సభ అని రాసి ఉండటం వల్ల ఒక పూట వృథా అయింది. పాత కాగితం వెతికేటప్పుడు ఆనాటి పేరుతో వెతకాలి.

అన్నిటికంటే నన్ను జాగ్రత్తపరిచిన వరుస హైకోర్టుది. పాఠంలో 'గుంటూరులో హైకోర్టు' అని 1954 మాత్రమే ఉంది. చట్టం తెరిస్తే 28వ సెక్షన్‌లో ఆంధ్రకి ప్రత్యేక హైకోర్టు 1956 జనవరి 1 నుంచి ఉంటుందని ఉంది. గైడుని తప్పు పట్టేసి, 1956 అని కొట్టి, ఆధారం గడిలో గర్వంగా సెక్షన్ నెంబరు కూడా వేశాను. మాస్టారు ఆ సెక్షన్ పూర్తిగా చదివించారు. 'లేదా అంతకు ముందు నిర్ణయించే తేదీ నుంచి' అని అదే వాక్యంలో ఉంది. ఆ ముందు తేదీ నిజంగానే నిర్ణయమైంది, 1954 జూలై 5న గుంటూరులో హైకోర్టు మొదలైంది. ఇక్కడ గైడే ఒప్పు, చట్టం పట్టుకుని నేను రాసిందే తప్పు. చట్టం 'ఇలా జరగాలి' అని చెప్పగలదు, 'ఇలా జరిగింది' అని చెప్పలేదు. అసలు పత్రం చేతిలో ఉందన్న ధైర్యంతో, అది దేనికి సాక్ష్యమో నేను చూసుకోలేదు. అందుకని ఆధారం గడి పక్కన 'ఈ కాగితం జరగబోయేది చెబుతోందా, జరిగింది చెబుతోందా' అని ఇంకో చిన్న గడి పెట్టాను. అక్టోబరు 1 వరుసకి కూడా చట్టంతో పాటు అమలైనట్టు చెప్పే రెండో ఆధారం చేర్చాను.

చివరికి నలభై మూడు తేదీల్లో, ఒకే సంఘటన రెండుసార్లు వచ్చినవి కలిపేస్తే, ముప్పై ఒక్క వరుసలు మిగిలాయి. అందులో కొంత భాగం ఇక్కడ పెడుతున్నాను.

| క్రమ తేదీ | ఏం జరిగింది | ఆధారం |
|---|---|---|
| 1937-11-16 | మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసుకున్నారు | ఒడంబడిక పాఠం, పునర్ముద్రణ |
| 1952-10-19 | పొట్టి శ్రీరాములు దీక్ష మొదలుపెట్టారు | అప్పటి దినపత్రిక. 58 రోజుల లెక్కతో సరిచూసింది |
| 1952-12-15 | రాత్రి పదకొండు దాటాక మరణించారు | తర్వాతి దినపత్రిక |
| 1952-12-19 | నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం గురించి సభలో ప్రకటించారు | పార్లమెంటు చర్చల రికార్డు |
| 1953-02-07 | జస్టిస్ వాంఛూ నివేదిక సమర్పించారు | తర్వాతి చరిత్ర పుస్తకం |
| 1953-09-14 | ఆంధ్ర రాష్ట్ర చట్టానికి ఆమోదం వచ్చింది | చట్టం మొదటి పేజీ |
| 1953-10-01 | ఆంధ్ర రాష్ట్రం అమల్లోకి వచ్చింది | చట్టం, సెక్షన్లు 2, 3. అప్పటి దినపత్రిక |
| 1954-07-05 | గుంటూరులో హైకోర్టు మొదలైంది | తర్వాతి చరిత్ర పుస్తకం (చట్టం సెక్షన్ 28 గడువు మాత్రమే) |
| 1956-02-20 | ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌లో పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు | ఒప్పందం పాఠం, పునర్ముద్రణ |

వాంఛూ వరుసలో నాకు నివేదిక అసలు ప్రతి దొరకలేదు. అందుకే 'తర్వాతి చరిత్ర పుస్తకం' అని ఉన్నదున్నట్టు రాశాను. చదివిన పుస్తకం చూసి, చదవని నివేదిక పేరు ఆధారంగా వేయడం నాకు ఇష్టం లేదు.

పట్టిక క్రమంలో పడ్డాక, పాఠంలో మూడుచోట్ల ముక్కలుగా ఉన్నది ఒక్క గీతగా కనిపించింది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు కోస్తా, రాయలసీమల మధ్య వేర్వేరు చోట్ల ఉండాలనీ, ఏది కావాలో ఎంచుకునే వీలు రాయలసీమకి ఇవ్వాలనీ ఉంది. పదహారేళ్ళ తర్వాత రాజధాని కర్నూలుకి, ఆ మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరుకి వెళ్ళాయి. గైడులో శ్రీబాగ్ ఆరో పేజీ, కర్నూలు రెండో పేజీ, గుంటూరు పదకొండో పేజీ. వరుసగా పెడితే తప్ప ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చిందని నాకు తట్టలేదు. బళ్ళారి కూడా అంతే. 1953 చట్టం మూడో సెక్షన్ ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలని ఆంధ్రకి ఇస్తే, దాని పక్కనే నాలుగో సెక్షన్ మిగతా బళ్ళారి జిల్లాని మైసూరుకి ఇచ్చింది. రెండూ ఒకే రోజున, ఒకే చట్టంతో. గైడులో మాత్రం బళ్ళారి విడిగా ఎప్పుడో పోయినట్టు చివర్లో రాశారు.

ఆఖరి వరుస 1956 నవంబరు 1. అక్కడ 'ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది' అని రాసి, ఆధారం కోసం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం తెరిచాను. అది 1956లో 37వ చట్టం, ఆగస్టు 31 నాటిది. మూడో సెక్షన్ శీర్షికలోనే ఉంది: హైదరాబాదు నుంచి ప్రాంతాలు ఆంధ్రకి బదిలీ, పేరు మార్పు. అంటే చట్టం దృష్టిలో అది కొత్తగా పుట్టిన రాష్ట్రం కాదు, మూడేళ్ళ ఆంధ్ర రాష్ట్రమే పెద్దదై పేరు మార్చుకుంది. 65వ సెక్షన్ కూడా గుంటూరు హైకోర్టు పరిధినే పెంచి, పేరు మార్చి, ప్రధాన స్థానం హైదరాబాదు అంటుంది. నేను రాసిన వాక్యం కొట్టేసి రెండు వరుసలు చేశాను. 'హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాలు ఆంధ్రలో కలిశాయి' అని ఒకటి, 'ఆంధ్ర రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్‌గా మారింది' అని ఇంకొకటి. రెండింటికీ తేదీ ఒకటే, ఆధారం ఒకటే, క్రియలు మాత్రం వేరు. మాస్టారికి చూపిస్తే ఈసారి ఏ వరుస మీదా వేలు పెట్టలేదు. "ఒక ప్రతి నాకూ తీసివ్వమ్మా" అన్నారు.